బ్యాటరీ తగ్గినా లయ తప్పని చిప్

555 టైమరు చిప్‌తో ఎల్ఈడీ మినుకుమనే చిన్న సర్క్యూట్ కట్టి, 9 వోల్టుల బ్యాటరీ తగిలించి వదిలేయండి. బ్యాటరీ మెల్లగా నీరసిస్తుంది. 9 వోల్టులు కాస్తా 8 అవుతాయి, ఆ తర్వాత 7కు దిగుతాయి. ఎల్ఈడీ వెలుగు మసకబారుతుంది. కానీ అది వెలిగి ఆరే వేగం మాత్రం దాదాపు మారదు. నిమిషానికి ఎన్నిసార్లు మినుకుమనేదో ఇప్పుడూ అన్నిసార్లే మినుకుమంటుంది. కరెంటు తోసే బలం తగ్గినప్పుడు సర్క్యూట్ నెమ్మదించాలి కదా, ఎందుకు నెమ్మదించదు? దీనికి జవాబు తెలిస్తే 555 లెక్క మొత్తం తెలిసినట్టే. పరీక్ష కోసం బట్టీపట్టే 0.693 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చిందో కూడా అక్కడే తేలిపోతుంది.

ఈ చిప్‌ను గీసింది హాన్స్ కామెంజిండ్ అనే స్విస్ ఇంజినీరు. 1971లో అమెరికాలోని సిగ్నెటిక్స్ కంపెనీకి కాంట్రాక్టు మీద డిజైన్ చేశారు. 1972లో చిప్ అమ్మకానికి వచ్చింది. మొదటి డిజైన్‌కు తొమ్మిది కాళ్లు కావలసి వచ్చాయి. కెపాసిటరును స్థిరమైన కరెంటుతో నింపాలని అనుకోవడమే అందుకు కారణం. ఆ తర్వాత ఆయన అంత అవసరం లేదని, బయట మామూలు రెసిస్టరు పెట్టినా సరిపోతుందని గ్రహించారు. ఒక కాలు తగ్గింది, ఎనిమిది కాళ్ల చవక ప్యాకేజీలో చిప్ ఇమిడిపోయింది. యాభై ఏళ్లు దాటినా ఇది ఇంకా తయారవుతూనే ఉంది. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీలో ఏ ఎలక్ట్రానిక్స్ దుకాణంలో అడిగినా ‘ట్రిపుల్ ఫైవ్’ అంటే చాలు, తీసి చేతిలో పెడతారు.

కామెంజిండ్ తీసుకున్న ఆ నిర్ణయాన్నే ఈ వ్యాసంలో విప్పి చూద్దాం. స్థిరమైన కరెంటు లేకుండా, కేవలం రెండు రెసిస్టర్లూ ఒక కెపాసిటరూ పెట్టి కాలాన్ని అంత నమ్మకంగా ఎలా కొలవగలిగారు?

చిప్ లోపల 5 కిలోఓముల రెసిస్టర్లు మూడు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. మూడూ సమానం కాబట్టి సరఫరా వోల్టేజీని మూడు సమాన వాటాలు చేస్తాయి. బ్యాటరీ 9 వోల్టులైతే కింది గీత 3 వోల్టుల దగ్గర, పై గీత 6 వోల్టుల దగ్గర పడతాయి. రెండు కంపారేటర్లు ఈ గీతల దగ్గర కాపలా ఉంటాయి. బయట ఉన్న కెపాసిటరు వోల్టేజీ కింది గీతకన్నా దిగిందా అని ఒకటి, పై గీతను దాటిందా అని మరొకటి చూస్తుంటాయి. వాటి వెనక ఒక ఫ్లిప్‌ఫ్లాప్ ఉంటుంది. చివరగా వచ్చిన ఆదేశం ఏమిటో అది గుర్తుపెట్టుకుంటుంది.

మేడ మీది నీళ్ల ట్యాంకుకు పెట్టే ఆటోమేటిక్ స్విచ్చి పనిచేసే తీరు ఇదే. నీళ్లు కింది గుర్తుకన్నా దిగితే మోటారు ఆన్ అవుతుంది, పై గుర్తును తాకితే ఆఫ్ అవుతుంది. నీటిమట్టం రెండు గుర్తులకూ మధ్య ఉన్నప్పుడు మోటారు అప్పటిదాకా ఏం చేస్తోందో అదే చేస్తుంది. ఈ ‘మధ్యలో ఉన్నప్పుడు మార్చకు’ అన్న నియమం లేకపోతే మోటారు ఒకే గుర్తు దగ్గర టపటపా ఆన్, ఆఫ్ అవుతూ కాలిపోతుంది. 555లో ఆ నియమాన్ని కాపాడేది ఫ్లిప్‌ఫ్లాప్.

ఇప్పుడు బయటి భాగాలు. ఎనిమిదో కాలు బ్యాటరీ ప్లస్‌కు, ఒకటో కాలు మైనస్‌కు. మొదటి రెసిస్టరు ఎనిమిదో కాలికీ ఏడో కాలికీ మధ్య. దీన్ని R1 అందాం. రెండో రెసిస్టరు, అంటే R2, ఏడో కాలికీ ఆరో కాలికీ మధ్య. ఆరూ రెండూ కాళ్లను ఒక వైరుతో కలిపేయాలి. కెపాసిటరు C ఆ కలిసిన చోటు నుంచి మైనస్‌కు. ఎలక్ట్రోలైటిక్ రకమైతే దాని మైనస్ కాలు బ్యాటరీ మైనస్ వైపే ఉండాలి. నాలుగో కాలు రీసెట్. దాన్ని ఖాళీగా వదలకుండా ప్లస్‌కు కలపాలి. ఐదో కాలి నుంచి 0.01 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు మైనస్‌కు పెడితే లోపలి గీతలు చీటికిమాటికి కదలకుండా ఉంటాయి. మూడో కాలు అవుట్‌పుట్. అక్కడి నుంచి 470 ఓముల రెసిస్టరూ ఎర్ర ఎల్ఈడీ వరసగా మైనస్‌కు.

బ్యాటరీ పెట్టగానే కెపాసిటరు ఖాళీగా ఉంటుంది, అంటే కింది గీతకన్నా కింద. అవుట్‌పుట్ పైకి లేస్తుంది, ఎల్ఈడీ వెలుగుతుంది. కరెంటు ప్లస్ నుంచి R1, R2 రెండింటి గుండా వచ్చి కెపాసిటరును నింపుతుంది. అది పై గీతను తాకగానే అవుట్‌పుట్ పడిపోతుంది. అదే క్షణంలో చిప్ లోపలి ట్రాన్సిస్టరు ఒకటి ఏడో కాలిని మైనస్‌కు కలిపేస్తుంది. అప్పుడు కెపాసిటరులోని ఛార్జి R2 గుండా మాత్రమే ఖాళీ అవుతుంది. కింది గీతకు దిగగానే ట్రాన్సిస్టరు వదిలేస్తుంది, మళ్లీ నింపడం మొదలు. నిండేటప్పుడు రెండు రెసిస్టర్లు, ఖాళీ అయ్యేటప్పుడు ఒకటే. ఈ తేడాను మనసులో ఉంచుకుంటే సూత్రాలు వాటంతటవే వస్తాయి.

కెపాసిటరు నిండేటప్పుడు దాని వేగం ఒకేలా ఉండదు. బ్యాటరీ వోల్టేజీకి ఇంకా ఎంత దూరంలో ఉందో దాన్నిబట్టి కరెంటు వస్తుంది. దూరం తగ్గేకొద్దీ కరెంటూ తగ్గుతుంది. 9 వోల్టుల సర్క్యూట్‌లో కెపాసిటరు 3 వోల్టుల దగ్గర బయల్దేరితే బ్యాటరీకి 6 వోల్టుల దూరంలో ఉన్నట్టు. 6 వోల్టులకు చేరేసరికి మిగిలిన దూరం 3. అంటే దూరం సగమైంది. ఖాళీ అయ్యేటప్పుడు చూడండి. 6 వోల్టుల దగ్గర బయల్దేరితే సున్నాకు 6 వోల్టుల దూరం, 3కు దిగేసరికి 3 వోల్టుల దూరం. మళ్లీ సగమే. రెండు ప్రయాణాలూ మిగిలిన దూరాన్ని సగం చేసే ప్రయాణాలే.

రెసిస్టరు గుండా నడిచే కెపాసిటరుకు దూరం సగం కావడానికి పట్టే కాలం ఎప్పుడూ రెసిస్టెన్సును కెపాసిటెన్సుతో గుణించి, దాన్ని 0.693తో గుణించినంత. 0.693 అంటే 2కు సహజ లాగరిథం. రేడియోధార్మిక పదార్థం సగానికి తగ్గే అర్ధాయువును లెక్కకట్టేటప్పుడు వచ్చేదీ ఇదే అంకె. అక్కడా ఇక్కడా జరిగేది ఒకటే, ఉన్నదానికి తగ్గట్టు తరిగిపోవడం. కాబట్టి:

```
T_on  = 0.693 * (R1 + R2) * C
T_off = 0.693 * R2 * C
f     = 1 / (T_on + T_off) = 1.44 / ((R1 + 2*R2) * C)
D     = (R1 + R2) / (R1 + 2*R2)
```

మొదటిది అవుట్‌పుట్ పైన ఉండే కాలం, రెండోది కింద ఉండే కాలం. f అంటే ఫ్రీక్వెన్సీ, సెకనుకు ఎన్ని చక్రాలు. D అంటే డ్యూటీ సైకిల్, మొత్తం చక్రంలో అవుట్‌పుట్ పైన ఉండే వాటా. 1.44 కొత్త అంకేమీ కాదు, ఒకటిని 0.693తో భాగిస్తే వచ్చేదే. R2 పక్కన రెండు ఎందుకంటే, నింపేటప్పుడు ఒకసారి, ఖాళీ చేసేటప్పుడు ఒకసారి కరెంటు దాని గుండానే పోతుంది.

నాలుగు సూత్రాల్లో ఎక్కడా బ్యాటరీ వోల్టేజీ లేదు. మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు అక్కడే ఉంది. బ్యాటరీ 6 వోల్టులకు దిగితే గీతలు కూడా 2 వోల్టులకూ 4 వోల్టులకూ దిగుతాయి. నింపే బలం తగ్గింది, ఎక్కవలసిన ఎత్తు కూడా అదే వాటాలో తగ్గింది. 4 వోల్టుల దూరం 2 అయ్యింది, మళ్లీ సగమే. కొలిచే గీతల్ని ఆ బ్యాటరీ నుంచే తీసుకోవడంలో ఉంది నేర్పంతా. నా దృష్టిలో చిప్ లోపలి మిగతా ట్రాన్సిస్టర్లన్నిటికన్నా ఆ మూడు సమాన రెసిస్టర్లే గొప్పవి.

ఇక ఒక సర్క్యూట్‌ను లెక్కగట్టి చూద్దాం. సెకనుకు ఒకసారి మినుకుమనే ఎల్ఈడీ కావాలి. వెలిగే కాలం, ఆరే కాలం దాదాపు సమానంగా ఉండాలి. ముందు కెపాసిటరును ఎంచుకోవడం మంచిది. కెపాసిటర్లు దుకాణంలో కొన్ని విలువల్లోనే దొరుకుతాయి, రెసిస్టర్లలో ఎంపిక ఎక్కువ. 10 మైక్రోఫారడ్లు తీసుకుందాం. సూత్రాన్ని తిప్పి రాస్తే R1తో పాటు R2కు రెండింతలు కలిపిన మొత్తం 144 కిలోఓములు రావాలి. వెలుగూ చీకటీ సమానం కావాలంటే R1 చిన్నగా ఉండాలి. 10 కిలోఓములు పెడదాం. మిగిలిన 134లో సగం 67. దుకాణంలో దొరికేది 68. సరే, R1 10, R2 68.

లెక్కకు ఒక సులువు ఉంది. కిలోఓములను మైక్రోఫారడ్లతో గుణిస్తే నేరుగా మిల్లీసెకన్లు వస్తాయి. సున్నాలు లెక్కపెట్టుకునే బాధ ఉండదు. నింపే దారిలో 78 కిలోఓములు, 10 మైక్రోఫారడ్లు, అంటే 780. దాన్ని 0.693తో గుణిస్తే 540 మిల్లీసెకన్లు. ఖాళీ చేసే దారిలో 680ని 0.693తో గుణిస్తే 471. రెండూ కలిపి 1,011 మిల్లీసెకన్లు, సెకను కన్నా పిసరంత ఎక్కువ. నిమిషానికి 59కి కాస్త పైగా మినుకులు. డ్యూటీ సైకిల్ 78ని 146తో భాగించినంత, అంటే 53.4 శాతం.

ఇప్పుడు సర్క్యూట్ కట్టి, గోడ గడియారం చూస్తూ ఒక నిమిషం పాటు మినుకుల్ని లెక్కపెడితే 59 వస్తుందని ఆశపడకండి. 50 రావచ్చు, 65 కూడా రావచ్చు. సూత్రం తప్పని కాదు. చివర బంగారు రంగు పట్టీ ఉన్న రెసిస్టరు ముద్రించిన విలువకు 5 శాతం అటూ ఇటూ ఉండొచ్చు. చిప్ వల్ల వచ్చే తేడా సాధారణంగా రెండు శాతం చిల్లర. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు మాత్రం 20 శాతం దాకా అటూ ఇటూ ఉండటం మామూలే. తేడాలో సింహభాగం దానిదే. నిమిషానికి 50 మినుకులు వచ్చాయనుకోండి. చక్రానికి 1.2 సెకన్లు పట్టినట్టు. రెసిస్టర్లను మల్టీమీటరుతో కొలిస్తే ముద్రించిన విలువకు దగ్గరగానే ఉన్నాయి. అప్పుడు సూత్రాన్ని వెనక్కి నడిపిస్తే మన ‘10’ మైక్రోఫారడ్ల కెపాసిటరు నిజానికి 12కు దగ్గరగా ఉందని తెలుస్తుంది. కెపాసిటెన్సు కొలిచే మీటరు లేని ఇంట్లో 555 ఆ పని చేసిపెడుతుంది.

ఇదే సర్క్యూట్‌లో ఇంకొకటి కళ్లారా చూడొచ్చు. బ్యాటరీ పెట్టిన వెంటనే వచ్చే మొట్టమొదటి వెలుగు మిగతా వాటికన్నా ఎక్కువసేపు ఉంటుంది. మిగతా సార్లు కెపాసిటరు కింది గీత నుంచి బయల్దేరుతుంది, మొదటిసారి మాత్రం సున్నా నుంచి. సున్నా నుంచి పై గీతకు వెళ్లేసరికి మిగిలిన దూరం సగం కాదు, మూడో వంతు అవుతుంది. కాబట్టి 0.693 బదులు 3కు లాగరిథం, అంటే 1.1 వాడాలి. లెక్కకడితే 857 మిల్లీసెకన్లు. మామూలు వెలుగు 540. తేడా ఏ పరికరమూ లేకుండా కంటికే ఆనుతుంది. ఎవరికైనా 0.693 మీద నమ్మకం కుదరకపోతే ఈ మొదటి వెలుగును చూపించడం మంచి పద్ధతి.

C బదులు 0.1 మైక్రోఫారడ్ పెడితే ఫ్రీక్వెన్సీ నూరు రెట్లు పెరిగి సుమారు 99 హెర్ట్జ్ అవుతుంది. ఎల్ఈడీ ఆగకుండా వెలుగుతున్నట్టే కనిపిస్తుంది. 0.01 పెడితే 986 హెర్ట్జ్. మూడో కాలికి చిన్న పీజో డిస్కు తగిలిస్తే సన్నని కూత వినిపిస్తుంది. కానీ డ్యూటీ సైకిల్ మూడు సందర్భాల్లోనూ 53.4 శాతమే. దాని సూత్రంలో C లేదు కదా. దీన్ని తేల్చుకోవడానికి ఆసిలోస్కోపు అక్కర్లేదు. 99 హెర్ట్జ్ దగ్గర మల్టీమీటరును డీసీ వోల్టులలో పెట్టి మూడో కాలు దగ్గర కొలవండి. మీటరు అంత వేగాన్ని వెంబడించలేదు, సగటునే చూపిస్తుంది. ఎల్ఈడీ తగిలించి ఉన్నప్పుడు పాతరకం 555 అవుట్‌పుట్ సరఫరాకన్నా సుమారు ఒకటిన్నర వోల్టు తక్కువకే లేస్తుంది, 9 వోల్టుల దగ్గర ఏడున్నర చిల్లర. అది 7.7 ఉంటే మీటరు 4.1 దగ్గర నిలవాలి. 4.1ని 7.7తో భాగిస్తే మన 53 శాతం వచ్చేస్తుంది. పైస్థాయి ఎంతో తెలుసుకోవాలంటే నెమ్మదిగా మినుకుమనే సర్క్యూట్‌లో ఎల్ఈడీ వెలిగి ఉన్నప్పుడు కొలుచుకుంటే చాలు.

ఈ సర్క్యూట్‌తో డ్యూటీ సైకిల్ సరిగ్గా 50 శాతం ఎందుకు రాదని చాలామంది అడుగుతారు. నింపే దారిలో R1 అదనంగా ఉంది కాబట్టి నిండే కాలమే ఎప్పుడూ ఎక్కువ. R1ను తగ్గించేకొద్దీ 50కి దగ్గరవుతుంది, అంతేగానీ అందుకోదు. పోనీ R1ను తీసేద్దామా? అదే ప్రమాదం. కెపాసిటరు ఖాళీ అయ్యే సమయంలో లోపలి ట్రాన్సిస్టరు ఏడో కాలిని మైనస్‌కు కలుపుతుందని చెప్పుకున్నాం. అప్పుడు బ్యాటరీ ప్లస్‌కూ మైనస్‌కూ మధ్య అడ్డం ఉండేది R1 ఒక్కటే. అది 10 కిలోఓములైతే ఒక మిల్లీయాంపుకన్నా తక్కువే పోతుంది. ఒక కిలోఓమైతే 9 మిల్లీయాంపులు. సున్నా అయితే ట్రాన్సిస్టరు బ్యాటరీని నేరుగా షార్ట్ చేస్తుంది. చిప్ వేడెక్కి పోతుంది. వేగాన్ని మార్చుకోవడానికి R1 స్థానంలో పొటెన్షియోమీటరు పెట్టి, నాబ్‌ను చివరిదాకా తిప్పినప్పుడు చిప్ చనిపోవడం ఇందుకే. పొటెన్షియోమీటరుకు వరసగా ఒక కిలోఓము రెసిస్టరును కదలకుండా ఉంచితే ఆ బెడద తప్పుతుంది. అసలు వేగం మార్చుకోవడానికి R2నే ఎంచుకోవడం మేలు. అక్కడ కూడా ఒక చిన్న రెసిస్టరు వరసలో ఉండాలి. లేకపోతే సున్నా దగ్గర కెపాసిటరు ఒక్కసారిగా ఏడో కాలి మీద ఖాళీ అయిపోతుంది.

ఎక్కువసేపు ఆరి, చటుక్కున ఒక్క మెరుపు మెరవాలంటే? బైకు షెడ్డులో రాత్రంతా ఉండాల్సిన గుర్తు దీపానికి ఇదే కావాలి, బ్యాటరీ ఆదా అవుతుంది. దీనికి అదనపు భాగాలు అవసరం లేదు, ఎల్ఈడీని తిప్పి కడితే సరి. మూడో కాలి నుంచి మైనస్‌కు కాకుండా బ్యాటరీ ప్లస్ నుంచి 470 ఓములూ ఎల్ఈడీ గుండా మూడో కాలికి కలపండి. అవుట్‌పుట్ కింద ఉన్నప్పుడే అది వెలుగుతుంది, ఆ కాలాన్ని నిర్ణయించేది R2 ఒక్కటే. R1 120 కిలోఓములు, R2 15, C 10 మైక్రోఫారడ్లు పెడితే మెరుపు 104 మిల్లీసెకన్లు, చీకటి 936. ఎల్ఈడీ పదింట ఒక వంతు కాలమే వెలుగుతుంది.

అవుట్‌పుట్‌నే 50 శాతంకన్నా కిందికి తేవాలంటే R2కు అడ్డంగా ఒక డయోడు పెట్టడం రివాజు. డయోడు బాణం గుర్తు ఏడో కాలి నుంచి కెపాసిటరు వైపు ఉండాలి. నిండేటప్పుడు కరెంటు R2ను తప్పించుకుని డయోడు గుండా పోతుంది. నిండే కాలం R1తో, ఖాళీ అయ్యే కాలం R2తో విడివిడిగా వస్తాయి. చాలా పాఠాలు ఇక్కడ ఆపేసి రెండింటికీ 0.693నే వాడమంటాయి. అది సరికాదు. డయోడు తన కోసం సుమారు 0.6 వోల్టు అట్టిపెట్టుకుంటుంది. కెపాసిటరుకు బ్యాటరీ 9 వోల్టులుగా కాక 8.4గా కనిపిస్తుంది. గీతలు మాత్రం 3, 6 దగ్గరే ఉన్నాయి. దూరం 5.4 నుంచి 2.4కు తగ్గాలి. అది సగంకన్నా ఎక్కువ తగ్గుదల. 0.693 బదులు 0.81 వాడాలి. 5 వోల్టుల సరఫరా దగ్గర అయితే 4.4లోంచి 1.67, 3.33 తీసేసి లెక్కిస్తే 0.94 వస్తుంది. అంటే నిండే కాలం పుస్తకం చెప్పినదానికన్నా మూడో వంతుకు పైగా ఎక్కువ. దానికితోడు వోల్టేజీ మారితే కాలం కూడా మారడం మొదలవుతుంది. బ్యాటరీతో పాటు గీతలూ కదులుతాయన్న ఏర్పాటును డయోడు పాడుచేసింది, దాని 0.6 వోల్టు బ్యాటరీతో పాటు తగ్గదు కాబట్టి. ఎల్ఈడీ వెలుగును తగ్గించి పెంచే పనికి ఇది ఏమాత్రం అడ్డు కాదు. కాలం కొలిచే పనికి మాత్రం డయోడు పెట్టకండి.

ఇక ఎక్కువమంది చిక్కుబడే చోటు చాలా నెమ్మదైన సర్క్యూట్లు. పది నిమిషాలకు ఒకసారి మారే టైమరు కావాలని ఒక మెగాఓముకు చేరువగా రెసిస్టర్లు, వందల మైక్రోఫారడ్ల ఎలక్ట్రోలైటిక్ పెడతారు. సూత్రం దీన్ని ఒప్పుకుంటుంది. కెపాసిటరు ఒప్పుకోదు. ఎలక్ట్రోలైటిక్ గుండా కొద్దిపాటి కరెంటు ఎప్పుడూ కారిపోతూనే ఉంటుంది. పాతదీ ఏళ్ల తరబడి వాడకుండా పడి ఉన్నదీ అయితే మరీ ఎక్కువ. 9 వోల్టుల సర్క్యూట్‌లో కెపాసిటరు పై గీతకు చేరే చివరి ఘడియలో మిగిలిన దూరం 3 వోల్టులు. R1, R2 కలిపి ఒక మెగాఓము అయితే అప్పుడు లోపలికి వచ్చే కరెంటు 3 మైక్రోయాంపులు మాత్రమే. కెపాసిటరు నుంచి కారేది కూడా 3 మైక్రోయాంపులు ఉంటే వోల్టేజీ ఇక పెరగదు, పై గీత ఎన్నటికీ అందదు. ఎల్ఈడీ వెలిగి అలాగే ఉండిపోతుంది. మూడో కాలు పైన ఉండి, ఆరో కాలు దగ్గర వోల్టేజీ 6 వోల్టులకు కిందే ఎంతసేపు చూసినా కదలకుండా ఉంటే చిప్‌ను మార్చకండి, కెపాసిటరును మార్చండి. లేదా రెసిస్టర్లను పదో వంతుకు తగ్గించి చూడండి. మినుకుమనడం మొదలైతే దోషి ఎవరో తేలినట్టే. మల్టీమీటరు కూడా కొంత కరెంటు తాగుతుందని గుర్తుంచుకోవాలి. 10 మెగాఓముల మీటరు 6 వోల్టుల దగ్గర 0.6 మైక్రోయాంపు తీసుకుంటుంది. అసలే అంచున నడుస్తున్న సర్క్యూట్ మీటరు పెట్టగానే ఆగిపోవచ్చు.

పాతరకం 555కు ఇంకో అలవాటుంది. అవుట్‌పుట్ మారే క్షణంలో అది సరఫరా నుంచి ఒక్కసారిగా పెద్ద గుక్క కరెంటు లాగుతుంది. అదే బ్యాటరీ మీద ఇంకో చిప్ ఉంటే అది తడబడుతుంది, లెక్క తప్పుతుంది. ఎనిమిదో కాలికీ ఒకటో కాలికీ మధ్య, చిప్‌ను ఆనుకుని 0.1 మైక్రోఫారడ్ సిరామిక్ కెపాసిటరు పెడితే ఆ గుక్క అక్కడే తీరిపోతుంది. సీమాస్ రకంలో, అంటే 7555 లాంటి చిప్‌లలో, ఈ గోల చాలా తక్కువ. పాతరకం తనకోసమే కొన్ని మిల్లీయాంపులు తింటుంది, దానికి కనీసం 4.5 వోల్టులు కావాలి. సీమాస్ రకం అందులో కొద్ది భాగంతోనే సరిపెట్టుకుని రెండు పెన్సిల్ సెల్స్ మీద కూడా నడుస్తుంది. కాళ్ల అమరిక ఒకటే కాబట్టి తీసి పెట్టేయొచ్చు. అయితే పాతరకం అవుట్‌పుట్ 200 మిల్లీయాంపుల దాకా ఇవ్వగలదు, సీమాస్ రకం అంత మోయలేదు. చిన్న రిలేను నేరుగా నడిపే సర్క్యూట్‌లో మార్చేముందు అది చూసుకోవాలి.

మంచి రెసిస్టర్లు, ఫిల్మ్ కెపాసిటరు పెట్టి, ఒకసారి సరిదిద్దుకుని వాడితే 555 ఒక శాతం లోపు నిలకడ చూపించగలదు. మెరుపు దీపానికీ అలారం కూతకూ మోటారు వేగానికీ అది ధారాళంగా చాలు. గడియారానికి మాత్రం చాలదు. రోజులో 1,440 నిమిషాలు. వాటిలో ఒక శాతం అంటే పద్నాలుగు నిమిషాలకు పైనే. అందుకే గోడ గడియారంలో 555 ఉండదు. సెకనుకు 32,768 సార్లు కంపించే క్వార్ట్జ్ స్ఫటికం ఉంటుంది. దాని కంపనాలను పదిహేనుసార్లు సగం చేస్తే సరిగ్గా సెకనుకు ఒక దెబ్బ వస్తుంది.